కిరాయి లారీవాడికి, పన్ను మన చేతి మీదుగా

మోర్బీ నుంచి టైల్స్ లోడు వచ్చిన రోజు కొట్టులో ఎవరి హడావుడి వారిదే. ముఠా కూలీలు పెట్టెలు దింపుతుంటారు, పగిలినవి ఎన్నో గుమస్తా లెక్కేస్తుంటాడు. డ్రైవరు మిగిలిన కిరాయి కోసం కౌంటరు దగ్గరే నిలబడతాడు. అతను ఇచ్చే కాగితాల్లో ఫ్యాక్టరీ బిల్లునీ ఈ-వే బిల్లునీ యజమాని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుంటాడు. మూడో కాగితం పల్చటిది, కార్బన్ అచ్చుతో సగం చెరిగిపోయినది. దాన్ని మేకుకు గుచ్చేస్తాడు. లారీ ఆఫీసువాళ్లు రాసిచ్చే ఆ రసీదునే ఎల్ఆర్ అంటాం, కొన్నిచోట్ల బిల్టీ అంటారు.

పల్నాడులో నేను పద్దులు చూసే ఒక టైల్స్ కొట్టులో ఆ మేకు నుంచి ఈమధ్య ఒక కాగితం తీసి యజమాని ముందు పెట్టాను. అడుగున చిన్న అక్షరాల్లో ‘జీఎస్టీ చెల్లించవలసినది’ అని ఉంది. పక్కన మూడు గళ్లు: సరుకు పంపినవారు, అందుకున్నవారు, ట్రాన్స్‌పోర్టరు. మధ్య గడిలో టిక్కు పడి ఉంది.

“కిరాయి 84 వేలూ పైసా తగ్గకుండా ఇచ్చానండీ. మళ్లీ పన్ను నేను కట్టడమేమిటి?” అన్నారాయన.

న్యాయమైన ప్రశ్నే. మామూలుగా జీఎస్టీలో అమ్మినవాడు కొన్నవాడి దగ్గర పన్ను వసూలు చేసి ప్రభుత్వానికి జమ చేస్తాడు. కొన్ని సేవల విషయంలో చట్టం ఈ వరస తిరగేసింది. అమ్మినవాడు పన్ను వేయడు. కొన్నవాడే లెక్కగట్టి, తన జేబులోంచి నేరుగా ప్రభుత్వానికి కట్టాలి. దీన్నే రివర్స్ ఛార్జ్ అంటారు. కేంద్ర జీఎస్టీ చట్టం 9వ సెక్షన్‌లోని 3వ ఉపసెక్షన్ కింద ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో లారీ రవాణాది మొదటి వరస.

ఈ ఏర్పాటు జీఎస్టీతో పుట్టింది కాదు. 1997లో సర్వీస్ ట్యాక్స్‌ను సరుకు రవాణాకు వర్తింపజేసినప్పుడు లారీల యజమానులు ఒప్పుకోలేదు, సమ్మెకు దిగారు. అప్పుడు ప్రభుత్వం పన్ను బాధ్యతను కిరాయి ఇచ్చేవారి మీదికి మార్చింది. ఆ నియమాలు చట్టానికి మించి ఉన్నాయని 1999లో లఘు ఉద్యోగ్ భారతి కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం వెనకటి తేదీతో చట్టాన్నే సవరించుకుంది. చివరికి 2005 జనవరి 1 నుంచి సరుకు రవాణా మళ్లీ పన్ను కిందికి వచ్చింది. ఆ పద్ధతే ఇప్పుడు జీఎస్టీలోనూ నడుస్తోంది. ఒకటో రెండో లారీలు పెట్టుకుని నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉండే మనిషి రిటర్నులు వేయలేడు. అతని వెంట పడటంకంటే, స్థిరంగా ఒకచోట కొట్టు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి పట్టుకోవడం ప్రభుత్వానికి తేలిక. నా మటుకు నాకు ఇందులో పెద్ద అన్యాయం కనపడదు. చిక్కంతా, ఈ సంగతి కొట్టు యజమానికి ఎవరూ చెప్పకపోవడంలోనే ఉంది.

ఇక్కడ కొందరు చేసే పొరపాటు ఒకటుంది. “రిజిస్ట్రేషన్ లేనివాడి దగ్గర ఏం కొన్నా రివర్స్ ఛార్జ్ కట్టాలట కదా?” అంటారు. ఒకప్పుడు దాదాపు అలాగే ఉండేది. 2017 జూలైలో జీఎస్టీ మొదలైనప్పుడు, రిజిస్ట్రేషన్ లేనివాళ్ల నుంచి రోజు మొత్తం మీద 5,000 రూపాయలు దాటి కొంటే పన్ను కొన్నవాడే కట్టాలన్నారు. టీ ఖర్చులూ, వడ్రంగి కూలీ, ఫోటోస్టాట్ బిల్లులూ రోజువారీ కూడి చూసుకోలేక జనం తలలు పట్టుకున్నారు. ఆ ఏడాది అక్టోబరు 13 నుంచి దాన్ని ఆపేశారు. తర్వాత చట్టాన్నే సవరించారు. ఇప్పుడా నిబంధన ప్రధానంగా ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లకే మిగిలింది. టైల్స్ కొట్టాయన ముఠా కూలీలకిచ్చే హమాలీకీ, ఎలక్ట్రీషియన్‌కిచ్చే కూలికీ రివర్స్ ఛార్జ్ లేదు. లారీ కిరాయికి ఉంది. కారణం లారీవాడికి రిజిస్ట్రేషన్ లేకపోవడం కాదు, ఆ సేవ పేరు జాబితాలో ఉండటం.

జాబితాలో ఉన్నదైనా ప్రతి బండినీ కాదు. అందులోని మాట ‘గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ’. రోడ్డు మీద సరుకు చేరవేస్తూ, అందుకు కన్‌సైన్‌మెంట్ నోటు ఇచ్చేవాడే ఆ ఏజెన్సీ. ఆ నోటుకు వాడుకలో ఉన్న పేరే ఎల్ఆర్. అది ఇచ్చాడంటే, సరుకు చేరేదాకా దానికి తనదే బాధ్యత అని ఒప్పుకున్నట్టు. అందులో పంపినవారి పేరు, అందుకునేవారి పేరు, లారీ నంబరు, సరుకు వివరం, బరువు, ఎక్కడి నుంచి ఎక్కడికి, పన్ను కట్టాల్సినవారి జీఎస్టీ నంబరు ఉండాలి. కొట్టు నుంచి ఇల్లు కట్టుకునేవాళ్ల దగ్గరికి నాలుగు పెట్టెలు దింపివచ్చే ట్రాలీ ఆటోవాడు ఇవేవీ రాయడు. అతను ఏజెన్సీ కాదు. అతని కిరాయికి జీఎస్టీ పూర్తిగా మినహాయింపు.

“అయితే ఎల్ఆర్ తీసుకోకపోతే సరి!” అన్నారు మావారు. ఈ ఆలోచన అందరికీ వస్తుంది. ఊళ్లో తిరిగే ఆటో సంగతి వేరు. పదిహేను వందల కిలోమీటర్ల దూరం, పాతిక టన్నుల సరుకు, మధ్యలో లారీ ఆఫీసు, పైగా ఈ-వే బిల్లు. ఆ ఈ-వే బిల్లులోనే ట్రాన్స్‌పోర్టరు వివరాలూ రవాణా పత్రం నంబరూ నింపే గళ్లుంటాయి. ఎల్ఆర్ నంబరు అక్కడ కనిపిస్తుంటే మేకు మీది కాగితం చించినా ఉపయోగం లేదు. దారిలో ఏదైనా జరిగితే సరుకు నాదని నిలబెట్టే కాగితం కూడా అదే.

ఆ తర్వాత చూడాల్సింది కిరాయి ఎవరు ఇస్తున్నారన్నది. ఎల్ఆర్ మీద ‘పెయిడ్’ అని ఉంటే పంపినవాడు ఇచ్చేశాడు, పన్ను బాధ్యతా అతనిదే. ఆ కిరాయిని అతను టైల్స్ బిల్లులో కలిపితే, దాని మీద టైల్స్‌తోపాటే జీఎస్టీ వేస్తాడు. మనం విడిగా కట్టక్కర్లేదు. ‘టూ పే’ అని ఉంటే కిరాయి దింపుకున్నవాడిది, పన్నూ అతనిదే. ఇంకో సందర్భం ఉంది. కొన్ని పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలు పన్ను మేమే కడతాం అని ఎంచుకుంటాయి. అవి కిరాయి మీద 5 శాతమో 18 శాతమో వేసి, ఆ సంగతి బిల్లు మీద రాస్తాయి. అలాంటి బిల్లుకు మనం మళ్లీ కడితే ఒకే కిరాయికి రెండుసార్లు పన్ను కట్టినట్టు. 18 శాతం అనేది 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన రేటు, అంతకుముందు 12 ఉండేది. మనం కట్టాల్సిన రివర్స్ ఛార్జ్ రేటు మాత్రం 5 శాతమే.

సరుకును బట్టి కూడా మినహాయింపు ఉంది. బియ్యం, పప్పులు, పిండి, పాలు, ఉప్పు, వ్యవసాయోత్పత్తులు లారీలో వస్తే ఎల్ఆర్ ఉన్నా కిరాయికి జీఎస్టీ లేదు. చిన్న మొత్తాలకు ఒకప్పుడు ఉన్న మినహాయింపు మాత్రం పోయింది. ఒక్కరి సరుకుకు కిరాయి 750 రూపాయలు, బండి మొత్తానికి 1,500 దాటకపోతే పన్ను ఉండేది కాదు. 2022 జూలై 18 నుంచి దాన్ని ఎత్తేశారు. ఇప్పటికీ ‘ఏడొందల యాభై లోపు కదా’ అని పార్శిల్ రసీదులు పక్కన పడేసే గుమస్తాలను చూస్తూనే ఉన్నాను.

ఇక మావారి లెక్కకు వద్దాం. జనవరి 29న లోడు ఎక్కించినప్పుడు బ్యాంకు ద్వారా 40,000 అడ్వాన్సు పంపారు. ఫిబ్రవరి 2న సరుకు దింపుకుని మిగిలిన 44,000 ఇచ్చారు. ఎల్ఆర్ ఇచ్చిన లారీ ఆఫీసు గుజరాత్‌లో ఉంది, దానికి రిజిస్ట్రేషన్ లేదు. జనవరిలోనే విజయవాడ పార్శిల్ ఆఫీసు నుంచి కుళాయిలూ ఫిట్టింగులూ చిన్న చిన్న రసీదుల మీద వచ్చాయి. వాటి కిరాయిలన్నీ కలిపి 6,000. ఆ ఆఫీసుకూ రిజిస్ట్రేషన్ లేదు.

ముందు ఏ పన్నో తేల్చుకోవాలి. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి రవాణా సేవ తీసుకుంటే, ఆ సేవ జరిగిన చోటు ఆ వ్యాపారి ఉన్న రాష్ట్రం. ఇక్కడ అది ఆంధ్రప్రదేశ్. లారీ ఆఫీసు గుజరాత్‌లో ఉంది కాబట్టి ఇది రెండు రాష్ట్రాల మధ్య వ్యవహారం, పన్ను ఐజీఎస్టీ. పార్శిల్ ఆఫీసు మన రాష్ట్రంలోదే, కాబట్టి దాని మీద సగం సీజీఎస్టీ, సగం ఎస్జీఎస్టీ. లారీ ఎక్కడ తిరిగిందన్నది కాదు, లారీ ఆఫీసు ఎక్కడిదన్నది లెక్క. చాలామంది అన్నిటికీ అలవాటుగా సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ గళ్లలో నింపేస్తారు. నగదు ఇంకా లెడ్జరులోనే ఉంటే PMT-09 ఫారంతో ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మార్చుకోవచ్చు. రిటర్ను వేసేశాక అయితే సరైన పద్దులో మళ్లీ కట్టి, తప్పు పద్దులో పోయినదాన్ని తిరిగి అడుక్కోవాలి.

రెండోది ఎప్పుడు కట్టాలన్నది. డబ్బు ఇచ్చిన రోజే పన్ను పుట్టేస్తుంది, సరుకు చేరిందా లేదా అన్నదాంతో పని లేదు. కాబట్టి జనవరి 29 నాటి 40,000 మీద 2,000 జనవరి లెక్కలోకి వస్తుంది. పార్శిళ్ల 6,000 మీద 150 సీజీఎస్టీ, 150 ఎస్జీఎస్టీ. మొత్తం 2,300. GSTR-3B రిటర్నులో 3.1(d) అనే వరసలో వీటిని చూపాలి. ఫిబ్రవరి 2న ఇచ్చిన 44,000 మీది 2,200 ఫిబ్రవరి రిటర్నులోకి పోతుంది.

మావారికి ఎక్కువ కోపం తెప్పించింది ఆ తర్వాతి మాట. ఆయన క్రెడిట్ లెడ్జరులో అప్పటికే లక్షన్నర పైగా ఉంది, టైల్స్ కొన్నప్పుడు కట్టిన పన్ను. “అందులోంచి తీసుకోమనండి!” అన్నారు. కుదరదు. రివర్స్ ఛార్జ్ ఎప్పుడూ నగదుతోనే. చలానా తీసి, బ్యాంకులో కట్టి, నగదు లెడ్జరులోకి తెచ్చుకుని అక్కడి నుంచే చెల్లించాలి. చట్టం దృష్టిలో ఇది ఆయన అమ్మకం మీది పన్ను కాదు కదా, అమ్మకం పన్నుకు వాడుకునే క్రెడిట్ దీనికి పనికిరాదు.

ఊరట ఏమిటంటే, కట్టిన పన్ను మళ్లీ క్రెడిట్‌గా వస్తుంది. పార్శిళ్లు జనవరిలోనే అందాయి కాబట్టి ఆ 300 అదే రిటర్నులో 4(A)(3) వరసలో తీసుకోవచ్చు. లారీ అడ్వాన్సు మీద కట్టిన 2,000 మాత్రం జనవరిలో తీసుకోకూడదు. సేవ అందితేనే క్రెడిట్, లోడు దిగింది ఫిబ్రవరి 2న. అందుకని ఫిబ్రవరి రిటర్నులో 2,200 నగదు కట్టి, 4,200 క్రెడిట్ తీసుకున్నాం. లెక్క చివరికి సున్నాయే. కాకపోతే నాలుగు వేలు ఒక చేత్తో పోయి, కొన్ని రోజులకు ఇంకో చేత్తో వచ్చాయి.

అందరికీ ఈ సున్నా రాదు. కాంపొజిషన్ స్కీములో ఉన్న చిన్న వ్యాపారి కూడా లారీ కిరాయి మీద ఇదే 5 శాతం కట్టాలి. అతనికి క్రెడిట్ లేదు కనుక అది అచ్చంగా ఖర్చే. అమ్మకం మీద ఒక్క శాతమేగా అనుకుని అందులో చేరినవాళ్లకు ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంటుంది.

క్రెడిట్ కావాలంటే కాగితం ఉండాలి. లారీ ఆఫీసుకు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి అది పన్ను బిల్లు ఇవ్వలేదు. అందుకని కొన్నవాడే తన పేరుతో తనకే ఒక బిల్లు రాసుకోవాలి. దాన్ని సెల్ఫ్ ఇన్వాయిస్ అంటారు. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ అది అసలైన పత్రమే. లారీ ఆఫీసు పేరు, ఊరు, ఎల్ఆర్ నంబరు, తేదీ, కిరాయి, పన్ను రేటు, పన్ను మొత్తం, రివర్స్ ఛార్జ్ అన్న మాట అందులో రాయాలి. 2024 నవంబరు 1 నుంచి దీనికి గడువు కూడా పెట్టారు: సేవ అందిన 30 రోజుల్లోపు. మావారి లోడుకు ఫిబ్రవరి 2నే రాశాం. దానితోపాటు డబ్బు ఇచ్చిన ప్రతిసారీ ఒక పేమెంట్ వోచరు, అంటే ఈ లోడుకు రెండు. ట్రాన్స్‌పోర్టరుకు రిజిస్ట్రేషన్ ఉండి, పన్ను మాత్రం మన మీద వదిలేస్తే సెల్ఫ్ ఇన్వాయిస్ అక్కర్లేదు, అతని బిల్లే చాలు.

ఇదంతా చేయకపోతే ఎలా బయటపడుతుంది? పెద్ద పరిశోధన ఏమీ అక్కర్లేదు. ఏడాది చివర లాభనష్టాల పద్దులో సరుకు రవాణా ఖర్చు అని ఒక అంకె ఉంటుంది. 6 లక్షలు అనుకుందాం. అధికారి దాన్ని పక్కన పెట్టుకుని, ఏడాది మొత్తం 3.1(d) వరసలో ఏముందో చూస్తాడు. అక్కడ సున్నా ఉంటే మొదటి ప్రశ్న రాసేసుకోవచ్చు. ఆ 6 లక్షల్లో ఆటో కిరాయిలెంత, టూ పే లారీలెంత, పన్ను తామే కట్టిన ట్రాన్స్‌పోర్టర్లవి ఎంత అని విడదీసి చూపాల్సిన బాధ్యత వ్యాపారిదే. అన్నీ ఒకే ఖాతాలో కలిపి రాసినవాడు రెండేళ్ల తర్వాత విడదీయలేడు, మొత్తం మీదా 30,000 అడుగుతారు. ఏడాదికి 18 శాతం చొప్పున రెండేళ్లకు వడ్డీయే 10,800. పన్ను కట్టాక, రిజిస్ట్రేషన్ లేనివాళ్ల విషయంలో సెల్ఫ్ ఇన్వాయిస్ రాసిన ఏడాదిని బట్టి క్రెడిట్ గడువు లెక్కగట్టాలని 2024 జూన్‌లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. అలా పాత పన్ను క్రెడిట్‌గా తిరిగి రావచ్చు. వడ్డీ మాత్రం రాదు. నోటీసు రాకముందే తప్పు కనిపెట్టి DRC-03 ఫారం మీద పన్నూ వడ్డీ కట్టేస్తే జరిమానా దాకా పోకుండా బయటపడొచ్చు.

అందుకే మావారి కొట్టులో రవాణా ఖాతాను మూడుగా చీల్చాం. ఎల్ఆర్ లేని ఆటోలు ఒకటి, పన్ను వేసి బిల్లిచ్చే ట్రాన్స్‌పోర్టర్లు రెండు, మనం కట్టాల్సినవి మూడు. మూడో ఖాతాలో నెల మొత్తాన్ని 20తో భాగిస్తే ఆ నెల కట్టాల్సిన పన్ను వస్తుంది. మేకు తీసేసి ఎల్ఆర్‌లకు వేరే ఫైలు పెట్టాం. గుమస్తా కుర్రాడు ఇప్పుడు కాగితం చేతికి రాగానే అడుగున టిక్కు ఎక్కడుందో చూస్తున్నాడు.

ఫైలు మూస్తుండగా మావారు అడిగారు. “అన్నట్టు ఈ కొట్టు నాది కాదండీ. నెలకు ఇరవై వేలు అద్దె. ఓనరుకు జీఎస్టీ నంబరు లేదు. దీనికేమీ లేదుగా?”

ఉంది. 2024 అక్టోబరు 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేని యజమాని దగ్గర రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి దుకాణం అద్దెకు తీసుకుంటే, అద్దె మీద 18 శాతం రివర్స్ ఛార్జ్. కాంపొజిషన్‌లో ఉన్నవాళ్లను 2025 జనవరి 16 నుంచి మినహాయించారు, ఈయన కాంపొజిషన్‌లో లేరు. నెలకు 3,600. క్రెడిట్ వస్తుంది, కానీ ఇదీ నగదుగానే కట్టాలి.

ఆయన గోడ మీది క్యాలెండరు వంక చూసి, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను మళ్లీ ఫైలు తెరిచాను.